పిల్లల బట్టల పోస్టులో ఏం రాస్తే 'రేటెంత, సైజెంత' మెసేజీలు తగ్గుతాయి?

ప్రశ్న: మాది అనంతపురం. ఇంట్లో నుంచే వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లల బట్టలు అమ్ముతున్నా. ఒక ఫ్రాకు ఫొటో పెడితే చాలు, 'రేటెంత అక్కా', 'మా పాపకు నాలుగేండ్లు, సరిపోతాదా', 'కదిరికి పంపిస్తారా', 'సీఓడీ ఉందా' అని యాభై అరవై మెసేజీలు. జవాబులు కొట్టేసరికి సాయంత్రమైపోతోంది, కొనేది నలుగురైదుగురు. పోస్టులోనే ఏం రాయాలి?

జవాబు:

ప్రతి పోస్టులో నాలుగు సంగతులు, ఎప్పుడూ ఒకే వరసలో రాయండి: సైజు (అంగుళాల్లో, బట్ట కొలత), ఆ సైజు రేటు, ఊరిని బట్టి పంపే ఖర్చు, డబ్బు ఎప్పుడు ఎలా కట్టాలి. వీటిలో సైజూ రేటూ ఫొటో మీదే ఉండాలి, మిగతావి కింద రాతలో ఉంటే చాలు. మీకొచ్చే మెసేజీల్లో చాలావరకు దీంతోనే ఆగుతాయి. అయితే 'రాశాను కదా, అయినా అడుగుతున్నారు' అనేవాళ్లే ఎక్కువ. అలాంటి పోస్టులు తెరిచి చూస్తే రాసినదే అరకొరగా ఉంటుంది, లేదా కొనేవాళ్ల కంటికి ఆననిచోట ఉంటుంది.

సైజు దగ్గర మొదలుపెడతాను, ఎక్కువ ప్రశ్నలు పుట్టేది అక్కడే.

మీరు బహుశా '2 నుంచి 7 ఏళ్లు' అనో, 'సైజు 20 టు 28' అనో రాస్తుంటారు. మొదటిది తల్లికి అర్థమవుతుంది కానీ నమ్మకం కలగదు. ఆమె పాప నాలుగేళ్లదే, కానీ కాస్త బొద్దుగా ఉంటుంది, లేదా వయసుకు మించిన పొడుగు. పోయినసారి ఎక్కడో '4 ఏళ్లు' చూసి కొంటే భుజాలు జారిపోయి ఉంటాయి. అందుకే 'సరిపోతాదా' అని అడుగుతుంది. రెండోది, అంటే 20, 22, 24 అంకెలు, హోల్‌సేల్ బజారు భాష. ఫ్రాకుల్లో ఆ అంకె సాధారణంగా పొడవుకు దగ్గరగా ఉంటుంది, కానీ అన్ని తయారీల్లోనూ ఉండదు. ఒకరి 24 ఫ్రాకు, ఇంకొకరి 24 ఫ్రాకు పక్కపక్కన పెట్టి చూడండి, అంగుళం తేడా కనిపించడం మామూలే. మీకే తెలియని ఆ తేడా కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

కాబట్టి ప్రతి సైజుకూ రెండే కొలతలు ఇవ్వండి: ఛాతీ చుట్టుకొలత, పొడవు. వయసు కూడా రాయండి, కానీ చివర్లో, అందాజుగా అని తెలిసేలా.

కొలిచే పద్ధతి ఇది. ఫ్రాకు గుండీలు లేదా జిప్పు వేసి, నేల మీద గానీ బల్ల మీద గానీ పరిచి, ముడతలు చేత్తో సర్దండి. లాగి పట్టుకోవద్దు. ఒక చంక కుట్టు కింద నుంచి రెండో చంక కుట్టు కింద దాకా అడ్డంగా టేపు పెట్టండి. 12½ వచ్చిందనుకోండి, దానికి రెట్టింపు 25 అంగుళాలు ఛాతీ. పొడవుకు మెడ పక్కన భుజం కుట్టు మొదలయ్యే చోటు నుంచి నిలువుగా కింది అంచు దాకా. వెనక ఎలాస్టిక్ ఉన్న ఫ్రాకైతే ఛాతీ ఒక్క అంకెతో తేలదు. లాగకుండా ఎంత, పూర్తిగా లాగితే ఎంత అని రెండూ రాయాలి, '22 నుంచి 27 దాకా సాగుతుంది' అన్నట్టు. లోపల నెట్టు, క్యాన్‌క్యాన్ ఉంటే పొడవు పై గుడ్డదే కొలవండి. నెట్టు పైకి లేపుతుంది కాబట్టి వేసుకున్నాక అర అంగుళం, అంగుళం పొట్టిగా కనబడుతుంది. ఆ మాట కూడా రాస్తే తర్వాత గొడవ ఉండదు.

కొత్త మూట వచ్చిన ప్రతిసారీ ఒక్కో సైజు నుంచి ఒక్కో ముక్క కొలవాలి. పాత పోస్టులోంచి కొలతలు కాపీ చేసి పెట్టడమే వాపసులకు మొదటి కారణం. ఐదు సైజులకు పది నిమిషాలు పట్టదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తిరకాసు ఉంది. మీరు 'ఛాతీ 25' అని రాస్తే చదివే తల్లి రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. బట్ట 25 అనా, 25 ఛాతీ ఉన్న పిల్లకు సరిపోతుందనా? ఫ్రాకులో కనీసం రెండు అంగుళాల వదులు ఉంటేనే పిల్ల చేతులెత్తగలదు, మెడ మీదుగా తీసి వేయగలం. అంటే 25 బట్ట 23 ఛాతీ పిల్లకు. ఈ తేడా రాయకపోతే 25 ఛాతీ ఉన్న పిల్లకు 25 ఫ్రాకు తెప్పించుకుంటారు, అది చంకల దగ్గర పట్టేస్తుంది, తప్పు మీదవుతుంది. 'బట్ట కొలత' అనే రెండు మాటలు లైను మొదట్లో పెట్టండి.

చాలా ఇళ్లలో పిల్ల ఛాతీ కొలవమంటే కొలవరు. టేపు దొరకదు, దొరికినా పిల్ల నిలబడదు. కానీ ఇప్పుడు సరిగ్గా పడుతున్న ఒక ఫ్రాకు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అందుకని పోస్టులో ఈ వాక్యం ఉండాలి: 'మీ పాపకు ఇప్పుడు బాగా పడుతున్న ఫ్రాకు నేల మీద పరిచి, చంక నుంచి చంకకు కొలిచి, రెట్టింపు చేసి చూసుకోండి.' 'సరిపోతాదా' అనే ప్రశ్నకు ఈ ఒక్క వాక్యమే పనిచేస్తుంది, ఎందుకంటే జవాబు ఆమె చేతికే వెళ్లిపోతుంది. టేపు లేనివాళ్లకు స్కూలు స్కేలు చాలు. దాని మీద ఒక పక్క 12 అంగుళాలు ఉంటాయి.

మరో మామూలు ప్రశ్న: 'వచ్చే ఏడాది కూడా వచ్చేలా ఏ సైజు తీసుకోవాలి?' మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాల ఎత్తు పెరుగుతారు. ఛాతీ మాత్రం ఏడాదికి అంగుళం కూడా పెరగదు. కాబట్టి ఫ్రాకు ముందు పొట్టిదవుతుంది, ఆ తర్వాతే బిగుతవుతుంది. ఒక సైజు పెద్దది తీసుకుంటే ఫరవాలేదు. రెండు సైజులు పెద్దదైతే పొడవు ఎలాగో సర్దుకున్నా భుజం జారుతుంది, మెడ కిందికి దిగుతుంది. పక్క కుట్టుల్లో లోపల గుడ్డ వదిలారా, కింది మడతలో ఎంత ఉంది అని ఫ్రాకు తిరగేసి చూడండి. 'లోపల పక్కలకు అంగుళం, కింద మడతలో రెండంగుళాలు వదిలారు' అని రాయగలిగితే ఈ ప్రశ్న రాదు. మన వైపు తల్లులు దీన్ని చాలా చూస్తారు. నిజానికి ఆ ఒక్క మాటతో అమ్ముడయ్యే ఫ్రాకులు ఉన్నాయి. లేకపోతే మాత్రం రాయకండి.

ఇక రేటు.

'₹480 నుంచి' అని రాయడం, రాయకపోవడం రెండూ ఒకటే. 'మా సైజుకెంత' అని మళ్లీ అడగాల్సిందే. హోల్‌సేల్‌లో సెట్టుగా కొంటారు, సైజు పెరిగేకొద్దీ ముక్క రేటు పెరుగుతూ పోతుంది కాబట్టి మీకు సైజుకో రేటు పడుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు రాయండి. ఐదు సైజులకు ఐదు రేట్లు గజిబిజి అనిపిస్తే రెండు మూడు మెట్లుగా చేయండి: 20, 22 సైజులకు ఒకటి, 24, 26 సైజులకు ఒకటి, 28కి ఒకటి. అన్ని సైజులకూ సగటు తీసి ఒకే రేటు పెట్టడం చూడ్డానికి సుఖమే, కానీ అందులో ఒక నష్టం ఉంది. పెద్ద సైజులవాళ్లకు చవకగా కనిపించి అవి ముందు పోతాయి, చిన్న సైజులవాళ్లకు ఖరీదుగా కనిపించి అవి మీ బీరువాలో మిగులుతాయి. సెట్టులో లాభమంతా ఆ మిగిలినవాటిలోనే ఉండిపోతుంది.

'రేటు రాస్తే పక్కవాళ్లు చూసి పది రూపాయలు తగ్గిస్తారు' అనే భయంతో ఇన్‌బాక్స్‌కు రమ్మంటారు చాలామంది. పక్కవాళ్లు ఇంకో నంబరుతో అడిగి తెలుసుకోలేరా? రేటు దాచినందువల్ల పోటీదారుకు అడ్డేమీ పడదు, అడగడానికి మొహమాటపడే కొనుగోలుదారు మాత్రం పోతుంది. పైగా 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ఉద్దేశమూ ఇదే: ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు మొత్తం ధర, అందులో పంపే ఖర్చు, పన్ను వంటివి ఎంతో విడివిడిగా కొనేముందే చూపించాలని.

రేటు పక్కనే ఆ రేటుకు ఏమేం వస్తాయో రాయండి. ఫొటోలో పాప తలకు బ్యాండు, నడుముకు బెల్టు, కాళ్లకు లెగ్గిన్సు ఉంటాయి. చూసేవాళ్లు అన్నీ కలిపే అనుకుంటారు. 'ఫ్రాకు, బెల్టు వస్తాయి. తల బ్యాండు రాదు.' అంతే. బేరం మాత్రం ఏం రాసినా ఆగదు. 'రేటు ఖాయం' అని రాసినా 'లాస్ట్ ఎంతకిస్తారు' అని వస్తుంది. అది ప్రశ్న కాదు, మన అలవాటు.

పంపడం సంగతి. ఇది మీ ఊరిని బట్టి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

'డెలివరీ చార్జీలు అదనం' అనే వాక్యం ఒక్కో మనిషి చేత రెండేసి ప్రశ్నలు అడిగిస్తుంది: ఎంత, మా ఊరికి వస్తుందా. దాని బదులు మీరు నిజంగా పంపే ఊళ్లను మూడు నాలుగు గుంపులు చేయండి. అనంతపురం టౌనులో ఇంటికొచ్చి తీసుకునేవాళ్లు ఒకటి. కదిరి, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం, ఇటు కర్నూలు, కడప లాంటి బస్టాండున్న ఊళ్లు ఒకటి. వీటికి ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు, కానీ వాళ్లు కౌంటరుకు వచ్చి తీసుకోవాలి. ఆ మాట రాయకపోతే ఇంటికి వస్తుందని కూర్చుంటారు. పల్లెలు ఇంకో గుంపు, వీటికి పోస్టాఫీసు స్పీడ్ పోస్టే నయం. ప్రైవేటు కొరియర్లు చాలాచోట్ల మండల కేంద్రం దాకా వచ్చి 'వచ్చి తీసుకెళ్లండి' అని ఫోను చేస్తాయి, పోస్టుమాన్ మాత్రం ఊళ్లోకి వెళతాడు. బెంగళూరు, హైదరాబాదు, బళ్లారి నాలుగో గుంపు. వీటి విషయంలో ఒక చిన్న మాట: హైదరాబాదైనా బళ్లారైనా మనకు పక్క రాష్ట్రమే. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి వేరుగా ఉంటుంది. పోస్టులో ఆ ఊళ్ల పేర్లు వేసేముందు మీ ఆడిటర్ని అడగండి.

చార్జీ ఒక్కో గుంపుకు ఒక్క అంకెగా ఖాయం చేయండి. దానికి మీరు ముందు ఒకసారి తూచాలి. మామూలు కాటన్ ఫ్రాకు కవరుతో కలిపి అరకిలో లోపే ఉంటుంది, ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది పుట్టినరోజు గౌన్లు. చాలా కొరియర్లు బరువుతో పాటు పెట్టె కొలత కూడా చూస్తాయి: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ వచ్చినదీ అసలు బరువూ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. నెట్టు గౌను నలగకూడదని 40×30×10 పెట్టెలో పెట్టారనుకోండి. 12,000 భాగించు 5000, అంటే 2.4 కిలోలు. గౌను బరువు 600 గ్రాములే. అదే గౌనును నెట్టు పొరలు మడిచి, 30×25×6 కవరులో అదిమితే 4,500 భాగించు 5000, అంటే 0.9 కిలో. కాబట్టి గౌన్లకు, ఫ్రాకులకు ఒకే డెలివరీ లైను కాపీ చేయకండి. కవరులో పంపితే 'ఇస్త్రీ చేయించుకోవాలి' అని రాయండి, లేకపోతే 'ముడతలు పడి వచ్చింది' అనే ఫొటో మీకు వస్తుంది.

'రెండు తీసుకుంటే చార్జీ ఒక్కటేనా?' అనేది కూడా తప్పకుండా వచ్చే ప్రశ్నే. అక్కడే జవాబు రాసేయండి: 'రెండో ఫ్రాకుకు ₹20 అదనం.' అక్కాచెల్లెళ్లకు ఒకే డిజైను కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ లైను అమ్మకాన్ని కూడా పెంచుతుంది.

ఎన్ని రోజులు అన్నది రాసేటప్పుడు ఎప్పటి నుంచి లెక్క అనేది ఉండాలి. '3 రోజుల్లో' అంటే అడిగిన రోజు నుంచా, డబ్బు కట్టిన రోజు నుంచా, మీరు పంపిన రోజు నుంచా? మీరు వారంలో ఏ రోజుల్లో పార్శిలు వేస్తారో చెప్పడం తేలిక. 'సోమ, బుధ, శుక్రవారాల్లో పంపుతాం. ఆ రోజు 12 గంటలలోపు డబ్బు అందినవి ఆ రోజే.' ఉగాదికో దసరాకో ముందయితే ఆఖరి తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి. పండగ ముందర వచ్చే 'అప్పటికి అందుతుందా' అనే మెసేజీలు మామూలు రోజుల ప్రశ్నలన్నింటినీ మించిపోతాయి.

డబ్బు కట్టడం దగ్గర ప్రశ్నలు తక్కువే, కానీ తప్పు జరిగితే పోయేది డబ్బే.

యూపీఐ ఉందని అందరూ రాస్తారు. రాయనిది ఒకటుంది: డబ్బు పంపేటప్పుడు తెర మీద కనిపించే పేరు. మీ పేజీ పేరు ఒకటి, బ్యాంకు ఖాతా మీ ఆయన పేరునో అత్తగారి పేరునో ఉంటుంది. కట్టబోయే మనిషి కొత్త పేరు చూసి ఆగిపోతుంది, 'ఇది మీదేనా అక్కా' అని స్క్రీన్‌షాట్ పెడుతుంది, మీరు గంట తర్వాత చూస్తారు, ఈలోగా ఆమె మనసు మారుతుంది. 'కట్టేటప్పుడు ఫలానా పేరు కనబడుతుంది' అని ముందే ఉంటే ఆ ఆగడం ఉండదు.

యూపీఐ నంబరు, క్యూఆర్ మాత్రం పోస్టులో పెట్టొద్దు. మీ ఫొటో తీసుకుని క్యూఆర్ మార్చి పెట్టేవాళ్లు ఉంటారన్నది ఒక కారణం. రోజూ ఎదురయ్యేది రెండోది: ఒక్క 24 సైజు మిగిలితే ముగ్గురు కట్టేస్తారు, ఇద్దరికి తిప్పి పంపాలి. 'ముందు సైజు చెప్పండి, ఉందని చెప్పాక క్యూఆర్ పంపుతాను' అని రాయండి. అంటే 'ఉందా' అనే ఒక్క ప్రశ్నను మాత్రం మీరే రమ్మని పిలుస్తున్నారు. అది ఉండాల్సిన ప్రశ్నే.

డబ్బు వచ్చిందని కొనేవాళ్లు పంపే స్క్రీన్‌షాట్ చూసి పార్శిలు కట్టకండి. అలాంటి బొమ్మలు తయారుచేయడం పిల్లల ఆట. మీ బ్యాంకు ఖాతాలో జమ పడిందా లేదా అన్నదే లెక్క. ప్రతి యూపీఐ చెల్లింపుకూ 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. తేడా వస్తే దాన్ని అడిగి సరిచూడండి.

సీఓడీ ఇస్తే ఇస్తామని, లేకపోతే లేదని సూటిగా రాయాలి. 'సీఓడీ లేదు' అని అక్కడితో ఆపితే కొత్తవాళ్లు మిమ్మల్ని అనుమానిస్తారు, దానికి బదులు ఏదో ఒకటి చూపించాలి. పనిచేసే పద్ధతి ఒకటి చెబుతాను: మొదటిసారి కొనేవాళ్లు ముందు ₹100 కడతారు. మీరు ఫ్రాకు ప్యాక్ చేసి, వాళ్ల పేరున్న చీటీతో ఫొటో పంపుతారు, అది చూసి మిగతాది కడతారు, ఆ తర్వాతే పార్శిలు వేస్తారు. సీఓడీ ఇవ్వాలనుకుంటే పంపే చార్జీ మాత్రం ముందే తీసుకోండి. తలుపు దగ్గర 'వద్దు' అంటే పోనూ రానూ ఖర్చు రెండూ మీ మీదే పడతాయి, ₹540 ఫ్రాకు మీద అది మీ లాభాన్ని మింగేస్తుంది.

మార్పిడి గురించి ఒక్క లైను: ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఏ కారణానికి మారుస్తారు, చార్జీ ఎవరిది. 'కొలత మేం రాసినదానికి తేడా ఉంటే పోనూ రానూ చార్జీ మాది. సైజు మీరు ఎంచుకోవడంలో తేడా వస్తే మార్చి ఇస్తాం, చార్జీ మీది.' ముందు బట్ట కొలతలు ఖచ్చితంగా ఇచ్చారు కాబట్టే ఈ లైను నిలబడుతుంది. వయసు మాత్రమే రాసి ఉంటే ఎవరిది తప్పో తేల్చలేరు.

ఇప్పుడు మొత్తం కలిపి ఒక పోస్టు చూద్దాం. మీలాంటి పేజీల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: 'కొత్త కలెక్షన్! అందమైన కాటన్ ఫ్రాకులు. 2–7 ఏళ్లు. లిమిటెడ్ స్టాక్. వివరాలకు మెసేజ్ చేయండి.' ఆఖరి వాక్యంలో మీరే రమ్మన్నారు, వాళ్లు వచ్చారు! దాన్నే ఇలా రాయొచ్చు (రేట్లు, చార్జీలు నమూనాకే, మీవి వేసుకోండి):

> పసుపు కాటన్ ఫ్రాకు (కోడ్ ఎఫ్ 31). సైజులు 20–28. ₹480 – ₹590. లోపల కాటన్ లైనింగు.
>
> బట్ట కొలత, అంగుళాల్లో:
> 20: ఛాతీ 23, పొడవు 20 (సుమారు 2–3 ఏళ్లు) ₹480
> 22: ఛాతీ 24, పొడవు 22 (3–4) ₹480
> 24: ఛాతీ 25, పొడవు 24 (4–5) ₹540
> 26: ఛాతీ 26, పొడవు 26 (5–6) ₹540
> 28: ఛాతీ 27, పొడవు 28 (6–7) ₹590
>
> మీ పాపకు ఇప్పుడు బాగా పడుతున్న ఫ్రాకు పరిచి, చంక నుంచి చంకకు కొలిచి, రెట్టింపు చేసి చూసుకోండి. బెల్టు వస్తుంది, తల బ్యాండు రాదు.
>
> అనంతపురంలో వచ్చి తీసుకుంటే చార్జీ లేదు. ఆర్టీసీ కార్గో ₹50 (బస్టాండులో తీసుకోవాలి). స్పీడ్ పోస్టు ఇంటికే ₹80. రెండో ఫ్రాకుకు ₹20. సోమ, బుధ, శుక్రవారాల్లో పంపుతాం.
>
> సైజు చెప్పండి, ఉంటే క్యూఆర్ పంపుతాను. సీఓడీ లేదు. కొత్తవాళ్లు ₹100 ముందు, మిగతాది ప్యాకింగ్ ఫొటో చూశాక. మార్పిడి 3 రోజుల్లో చెప్పాలి.

ఇందులో మొదటి లైను అలా కుదించి ఉండటానికి కారణం ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ఫీడులో రాతలో మొదటి 125 అక్షరాలు, అటూ ఇటూగా, మాత్రమే కనబడతాయి. మిగతాది నొక్కి తెరవాలి. 'కొత్త కలెక్షన్! అందమైన...' అంటూ ఆ చోటును ఖర్చు చేస్తే రేటు లోపల దాక్కుంటుంది, రాసి కూడా రాయనట్టే. రీల్స్‌లో పరిస్థితి ఇంకా కష్టం, కింద రాత ఎవరూ చదవరు. వీడియో మీదే సైజూ రేటూ కనీసం మూడు సెకన్లు నిలవాలి.

వాట్సాప్‌లో సమస్య వేరు. మీ గ్రూపులోంచి ఒకామె ఫొటో తన చెల్లెలికి పంపుతుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపొచ్చు, లేదా కింద రాత తీసేసి పంపొచ్చు. చెల్లెలికి చేరేది ఉత్త ఫొటో. అందుకే ఫొటో మూలలో కోడు, సైజుల వరస, రేట్లు ఉండాలన్నది. కోడు ఎందుకంటే, 'ఆ పసుపుది' అని అడిగితే మీ దగ్గర పసుపువి నాలుగుంటాయి.

మారనివి ఫొటో మీద, మారేవి రాతలో. ఇది పట్టుకుంటే చాలా తలనొప్పి తగ్గుతుంది. సైజు, రేటు మారవు, కాబట్టి ఫొటో మీద. ఏ సైజు అయిపోయింది, ఎప్పుడు పంపుతాం అన్నవి మారతాయి, కాబట్టి రాతలో. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటో మార్చలేరు, రాత మాత్రం ఎప్పుడైనా దిద్దొచ్చు. 24 అయిపోగానే మొదటి లైనులోనే '24 అయిపోయింది' అని చేర్చండి. వాట్సాప్‌లో పంపిన మెసేజీ దిద్దడానికి 15 నిమిషాలే గడువు, ఆ తర్వాత కుదరదు. కాబట్టి వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యాటలాగ్ చేసుకుని, గ్రూపులో ఫొటోతో పాటు ఆ వస్తువు లింకు వేయండి. క్యాటలాగులో ఎప్పుడు మార్చినా లింకు నొక్కినవాళ్లకు కొత్తదే కనబడుతుంది. పాత పోస్టులు దిద్దకుండా వదిలేస్తే నెల క్రితం అయిపోయిన ఫ్రాకు కోసం రోజూ అడుగుతూనే ఉంటారు. అరవైలో ఎన్ని అలాంటివో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఇంత చేసినా చదవకుండా అడిగేవాళ్లు ఉంటారు, వాళ్ల మీద విసుక్కోవద్దు. 'పోస్టులో ఉంది చూడండి' అని జవాబిస్తే ఆ మనిషి ఇక రాదు. వాట్సాప్ బిజినెస్‌లో Quick replies అని ఉంటుంది. అందులో కొలతల వాక్యం `/size` పేరుతో, చార్జీలు `/post` పేరుతో దాచుకోండి. స్లాష్ కొట్టి పేరు ఎంచుకుంటే మొత్తం జవాబు వచ్చేస్తుంది.

పట్టు లంగా జాకెట్ల విషయంలో మాత్రం ఈ పద్ధతి పూర్తిగా పనిచేయదు. లంగాకు పొడవు ఒక్కటే ముఖ్యం, నడుము నాడాతో సర్దుకుంటుంది. జాకెట్టుకు ఛాతీ, భుజం, చెయ్యి పొడవు, మెడ లోతు, అన్నీ కావాలి. కుట్టి ఉన్నవైతే లంగా పొడవు, జాకెట్టు ఛాతీ, లోపల వదిలిన గుడ్డ ఎంత అని మూడు రాయండి. ఆర్డరు మీద కుట్టించేవైతే పోస్టులో సైజుల పట్టిక పెట్టకండి, పెడితే దాన్నే నమ్ముకుని డబ్బు కడతారు. 'పాపకు సరిపోయే పాత జాకెట్టు ఒకటి పంపాలి, లేదా ఈ నాలుగు కొలతలు రాసి పంపాలి' అని ఆ కొలతలు ఎక్కడ నుంచి ఎక్కడికో గీత గీసిన ఒక జాకెట్టు బొమ్మ రెండో ఫొటోగా పెట్టండి. కుట్టడానికి ఎన్ని రోజులో, కుట్టాక మార్పిడి లేదని కూడా అక్కడే ఉండాలి. వీటికి మెసేజీలు వస్తాయి, రావాలి కూడా. ఫ్రాకుల మీద మిగిల్చుకున్న టైము వీటికి పెట్టండి.